నీచు వాసన ఒకసారి, దురద ఒకసారి: కిట్ వాడిన ప్రతిసారీ తగ్గి మళ్ళీ ఎందుకొస్తోంది?

సాహితి_హనుమకొండ
అందరికీ నమస్తే. ఇక్కడ అసలు పేరు కనిపించదు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నా వయసు 29. పెళ్ళై మూడేళ్ళయింది, ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం.

పోయిన వేసవిలో తెల్లబట్ట ఎక్కువైంది. పల్చగా, కాస్త బూడిద రంగులో ఉండేది. దురద లేదు, మంట లేదు. ఉన్నదల్లా నీచు వాసన. నెలసరి అయ్యాక, మావారితో కలిశాక మరీ ఎక్కువ. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడి మెడికల్ షాపులో అడిగితే మూడు రకాల మాత్రలున్న కిట్ ఇచ్చారు. వాడాక తగ్గింది, కొన్ని వారాలకే మళ్ళీ మొదలైంది. ఇంకో కిట్ వాడాను. అదీ అంతే.

అప్పుడు ఒక క్లినిక్‌కి వెళితే లోపలి నుంచి స్వాబ్ తీసి కల్చర్‌కి పంపారు. ఈ.కోలై పెరిగిందని రిపోర్టు వచ్చింది. వారం రోజులు యాంటిబయాటిక్ రాశారు. కోర్సు అవుతూనే విపరీతమైన దురద, పెరుగు ముద్దల్లా తెల్లబట్ట, మూత్రం పోస్తే మంట. దానికి ఫ్లూకోనజోల్ ఒక్క మాత్ర వేసుకుంటే దురద పోయింది. ఇప్పుడు మళ్ళీ ఆ నీచు వాసన. రోజూ ఇంటిమేట్ వాష్‌తో లోపలిదాకా కడుక్కుంటున్నా లాభం లేదు.

అత్తయ్య వేడి చేసిందని సబ్జా నీళ్ళు ఇస్తున్నారు. నాకు మాత్రం పిల్లలు కలగకపోవడానికి ఇదే కారణమేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు నాకున్నది బ్యాక్టీరియానా, ఫంగసా?

మందులకొట్టు_శ్రీను (తెనాలి)
చెల్లెమ్మా, మా కొట్టుకి ఇలాంటివాళ్ళు రోజూ వస్తారు. ఇందులో తికమక ఏం లేదు. పల్చగా, వాసనతో ఉంటే బ్యాక్టీరియా. గట్టిగా, దురదతో ఉంటే ఫంగస్. కిట్‌లో ఉండేది ఫ్లూకోనజోల్ 150, అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెక్నిడజోల్ 2 గ్రాములు. రెంటికీ మందు అందులోనే ఉంది. మళ్ళీ వస్తోందంటే మీవారు వేసుకోలేదన్నమాట. ఈసారి ఇద్దరూ ఒకే రోజు తలా ఒక కిట్ వేసుకోండి, తెగిపోతుంది.

లక్ష్మీకాంతం (రాజమండ్రి)
అమ్మా సాహితీ, నీ బాధ నాకు అర్థమైంది. నాకూ ఇదే. వయసు 56, ముట్లు ఆగిపోయి ఆరేళ్ళు. షుగర్ ఉంది. ఈ మధ్య ఒకటే దురద, ఎర్రగా కమిలిపోయి పగుళ్ళు వచ్చాయి. ట్యూబు తెప్పించి రాస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత రెట్టింపవుతుంది. వాసన మాత్రం ఏమీ లేదు. నీకూ షుగర్ ఉందేమో చూపించుకో.

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
సాహితి గారూ, మీరు చెప్పిన వరుస చూస్తే మీకున్నది ఒక్క జబ్బు కాదనిపిస్తోంది. మొదటి నుంచీ తగ్గకుండా ఉన్నది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. యాంటిబయాటిక్ వాడాక మధ్యలో వచ్చిపోయింది కాండిడా అనే ఫంగస్. కంటితో చూసి నూటికి నూరు పాళ్ళు చెప్పలేం, అందుకే చిన్న పరీక్షలు ఉన్నాయి. ముందు ఈ రెంటికీ అసలు తేడా ఎక్కడుందో చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తూ లోపలి పీహెచ్‌ను సుమారు 3.8 నుంచి 4.5 మధ్య నిలబెడుతుంది. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో ఈ లాక్టోబాసిల్లస్ పలచబడిపోతుంది, ఆ ఖాళీలో గార్డ్‌నెరెల్లా, ప్రివొటెల్లా లాంటివి రకరకాలుగా పెరిగిపోతాయి. ఆమ్లం తగ్గి పీహెచ్ 4.5 దాటుతుంది. ఇవి తయారు చేసే అమీన్లనే రసాయనాలే ఆ నీచు వాసనకు కారణం. వీర్యానికీ, నెలసరి రక్తానికీ క్షార గుణం ఉంటుంది కాబట్టి అవి తగిలినప్పుడు అమీన్లు గాలిలోకి లేచి వాసన గుప్పుమంటుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే.

కాండిడా కథ వేరు. అది ఈస్ట్. లాక్టోబాసిల్లస్ బాగానే ఉన్నా, పీహెచ్ మామూలుగా ఉన్నా పక్కనే పెరగగలదు. వాపు, ఎరుపు, దురద, మంట దాని గుర్తులు. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో వాపు పెద్దగా ఉండదు, అందుకే దురద కూడా చాలామందికి ఉండదు.

శ్రీను గారు చెప్పిన గుర్తులు చాలావరకు నిజమే. కానీ రెండూ కలిసి ఉన్నవాళ్ళుంటారు, ట్రైకోమోనాస్ అనే మూడోదీ ఉంది. దానికీ పీహెచ్ పెరుగుతుంది, వాసన వస్తుంది, పైగా దురద కూడా ఉండొచ్చు. అది సంభోగం ద్వారా వచ్చేది, దానికి భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా మందు వాడాలి. ఇక కిట్‌లోని అజిత్రోమైసిన్ బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కీ కాదు, ఫంగస్‌కీ కాదు. అది క్లమీడియా లాంటి వేరే వాటిని దృష్టిలో పెట్టుకుని చేర్చింది.

మందులకొట్టు_శ్రీను (తెనాలి)
మేడమ్, అయితే సర్కారు దవాఖానాల్లో కూడా కిట్లే కదా ఇస్తున్నారు? వాళ్ళు ఇస్తే ఒప్పు, మేమిస్తే తప్పా?

స్రవంతి_ఏఎన్ఎం (ఆదిలాబాద్)
శ్రీనన్నా, మేమిచ్చేది వేరు. తెల్లబట్టకి సురక్ష క్లినిక్‌లో ఇచ్చేది రెండో నంబరు కిట్, ఆకుపచ్చ రంగుది. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మాత్రమే ఉంటాయి, అజిత్రోమైసిన్ ఉండదు. అది బూడిద రంగు కిట్‌లోది. మైక్రోస్కోపు లేని చోట ఆడమనిషి మళ్ళీ వస్తుందో రాదో తెలియదు కాబట్టి రెంటికీ కలిపి ఒకేసారి ఇచ్చేయడం. మొదటిసారి వచ్చినవాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది. తగ్గకపోతే పైకి పంపాలని మాకు చెప్పారు, మళ్ళీ అదే కిట్ ఇవ్వమని కాదు.

ఒక మాట చెప్పాలి. మా వైపు తెల్లబట్ట తగ్గడం లేదని గర్భసంచి తీయించేసుకున్నవాళ్ళు ఉన్నారు, ముప్ఫై ఐదేళ్ళు కూడా నిండనివాళ్ళు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లలో మన రెండు రాష్ట్రాలే ముందుంటున్నాయి. ఈ జబ్బు ఉండేది గర్భసంచిలో కాదు, అది తీసేసినా ఇది పోదు. ఎవరైనా ఆ మాటంటే రెండో డాక్టర్‌ని అడగకుండా ఒప్పుకోకండి.

సాహితి_హనుమకొండ
సూక్ష్మదర్శిని గారూ, మరి కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది కదా? అది అబద్ధమా?

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
అబద్ధం కాదు, కానీ మీ ప్రశ్నకు అది జవాబు కాదు. మలద్వారం పక్కనే ఉంటుంది కాబట్టి ఏ లక్షణం లేని ఆడవాళ్ళలో కూడా స్వాబ్ తీస్తే ఈ.కోలై పెరుగుతుంది. గార్డ్‌నెరెల్లా కూడా అంతే, ఆరోగ్యంగా ఉన్న చాలామందిలో కనిపిస్తుంది. ఏది పెరిగిందన్నది కాదు, ఏది ఎంత పాళ్ళలో ఉందన్నదే బ్యాక్టీరియల్ వెజైనోసిస్. మామూలు కల్చర్ ఆ పాళ్ళు చెప్పలేదు. నా అభిప్రాయంలో, తెల్లబట్టకి కల్చర్ రిపోర్టు చూసి యాంటిబయాటిక్ రాయడం వల్ల నయమయ్యేవాళ్ళకంటే కొత్తగా ఫంగస్ తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. కాండిడా మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి మాత్రం కల్చర్ నిజంగా ఉపయోగం.

మీరు అడగాల్సినవి ఇవి. యోని గోడ పక్క నుంచి తీసిన స్రావంతో పీహెచ్ పేపర్ పరీక్ష. గర్భాశయ ముఖం దగ్గర తీస్తే అక్కడి జిగురు వల్ల పీహెచ్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. తర్వాత స్లయిడ్ మీద సెలైన్‌తో ఒక చుక్క, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఇంకో చుక్క. రెండోది కలపగానే నీచు వాసన లేస్తే అదీ ఒక ఆధారమే. సెలైన్ చుక్కలో మేం వెతికేది క్లూ కణాలు. మామూలు యోని గోడ కణానికి అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. క్లూ కణానికి బ్యాక్టీరియా ఎంతగా అతుక్కుని ఉంటుందంటే అంచు ఎక్కడుందో కనిపించదు. ట్రైకోమోనాస్ ఉంటే అదే చుక్కలో ఈదుతూ కనబడొచ్చు, కానీ స్లయిడ్ ఆలస్యంగా చూస్తే కదలిక ఆగిపోయి దొరకదు. పొటాషియం చుక్కలో కణాలు కరిగిపోయి ఈస్ట్ దారాలు, మొగ్గలు మిగులుతాయి.

పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, వాసన పరీక్ష, క్లూ కణాలు. ఈ నాలుగింటిలో మూడు ఉంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. ఇంకా గట్టిగా కావాలంటే గ్రామ్ స్టెయిన్ చేసి, అంటే స్లయిడ్‌కి రంగు వేసి ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో చూసి, న్యూజెంట్ స్కోరు ఇమ్మనండి. 0 నుంచి 3 వస్తే మామూలు, 7 నుంచి 10 వస్తే జబ్బు, మధ్యలోది అటూ ఇటూ కానిది. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు, అడగాలంతే.

వెళ్ళే ముందు రెండు రోజులు దంపతులు కలవకండి, లోపల కడగకండి, ఏ క్రీమూ పెట్టుకోకండి, నెలసరిలో వెళ్ళకండి. లేకపోతే పీహెచ్ నమ్మలేం. స్లయిడ్‌లో ఈస్ట్ కనిపించలేదని ఫంగస్ లేదనుకోకూడదు, చాలాసార్లు తప్పిపోతుంది. దురద అలాగే ఉంటే అప్పుడు ఫంగల్ కల్చర్.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
పైన మేడమ్ ల్యాబ్ వైపు చెప్పారు, నేను మందుల వైపు చెబుతాను. డాక్టర్‌కి చూపించుకుని వాడాల్సినవే, ఇది చదివి కొనుక్కోకండి.

బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అని తేలితే మెట్రోనిడజోల్ రోజుకు రెండుసార్లు, 7 రోజులు. విదేశీ పుస్తకాల్లో 500 మిల్లీగ్రాములని ఉంటుంది, మన దగ్గర 400 మాత్ర దొరుకుతుంది కాబట్టి 400 వాడతాం. బ్రిటన్‌లోనూ 400 వాడతారు. మాత్ర పడనివాళ్ళకి 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్ 5 రాత్రులు, లేదా 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్ 7 రాత్రులు లోపల పెట్టుకోవచ్చు. సెక్నిడజోల్ ఒక్క డోసు కూడా మొదటిసారి వచ్చినవాళ్ళకి ఒప్పుకున్న మందే. కానీ సాహితిలా పదే పదే వస్తున్నవాళ్ళకి నేను 7 రోజుల కోర్సే ఇస్తాను.

ఫంగస్‌కి మామూలుగా ఫ్లూకోనజోల్ 150 ఒక్క మాత్ర, లేదా క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రలు. పగుళ్ళు, వాపు ఎక్కువగా ఉంటే మూడు రోజుల తేడాతో రెండో ఫ్లూకోనజోల్. సాహితీ, నీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నువ్వు గర్భం కోసం చూస్తున్నావు. ఈసారి దురద వస్తే ఫ్లూకోనజోల్ మింగకు, క్లోట్రిమజోల్ 7 రాత్రులు పెట్టుకో. గర్భంలో నోటి ఫ్లూకోనజోల్‌ని తప్పిస్తాం, నెల తప్పిందో లేదో నీకే తెలియని రోజులవి. మెట్రోనిడజోల్ గర్భంలోనూ వాడుతున్నాం, దాని గురించి భయం వద్దు.

ఇంటిమేట్ వాష్ ఈ రోజే ఆపేయి. బయట నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపల కడిగిన ప్రతిసారీ మిగిలి ఉన్న కాస్త లాక్టోబాసిల్లస్ కూడా కొట్టుకుపోతుంది.

మెల్‌బోర్న్_మాధురి
నాది కూడా సాహితి కేసే. ఇక్కడికి వచ్చాక రెండేళ్ళలో లెక్కలేనన్నిసార్లు వచ్చింది. ప్రతిసారీ మెట్రోనిడజోల్ వాడితే తగ్గేది, రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ. చివరికి ఇక్కడి క్లినిక్‌లో మావారికి కూడా మందిచ్చారు. ఏడు రోజులు రోజుకు రెండుసార్లు 400 మెట్రోనిడజోల్, దాంతోపాటు క్లిండమైసిన్ క్రీమ్ అంగం మీద, ముందు చర్మం కింద కూడా రోజుకు రెండుసార్లు రాసుకోమన్నారు. ఇద్దరం ఒకే వారంలో వాడాం, ఆ వారం కలవలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా రాలేదు. కానీ అదే సమయంలో కాపర్ టీ కూడా తీయించాను. దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను.

మందులకొట్టు_శ్రీను (తెనాలి)
చూశారా? మొగుడికి కూడా ఇవ్వాలని నేను ముందే చెప్పాను!

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
శ్రీను గారూ, సగం చెప్పారు. మిగతా సగంలోనే అంతా ఉంది. భర్తలకు మాత్రలు మాత్రమే ఇచ్చి చూసిన పాత పరిశోధనలన్నీ దాదాపు విఫలమయ్యాయి. అందుకే ఇన్నేళ్ళూ మగవాళ్ళకి మందు అవసరం లేదని పుస్తకాల్లో రాశారు. మెల్‌బోర్న్ వాళ్ళు 2025లో ప్రచురించిన ట్రయల్‌లో కొత్తగా చేసింది మాత్రకు క్రీమ్ జోడించడం. ఈ బ్యాక్టీరియా మగవాళ్ళ మూత్రనాళంలోనే కాదు, ముందు చర్మం కింద కూడా ఉంటుంది, మాత్ర అక్కడికి సరిగ్గా చేరదు. ఆ ట్రయల్‌లో 164 జంటలున్నాయి. 12 వారాల్లో జబ్బు తిరగబెట్టింది భార్యకు మాత్రమే మందిచ్చిన వైపు 63 శాతం మందికి, ఇద్దరికీ ఇచ్చిన వైపు 35 శాతం మందికి. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

మీ కిట్ భర్తకి ఇస్తే ఇందులో ఏదీ జరగదు. దయచేసి మొటిమలకు వాడే 1 శాతం క్లిండమైసిన్ జెల్ చేతిలో పెట్టి పంపకండి. వాళ్ళు వాడింది 2 శాతం క్రీమ్.

ఇంకో కారణం కూడా ఉంది. గార్డ్‌నెరెల్లా యోని గోడ మీద పొరలా కట్టుకుని ఉంటుంది. మందు పైపైన ఉన్నవాటిని చంపుతుంది, వాసన పోతుంది, జబ్బు పోయిందనుకుంటాం. పొర అడుగున మిగిలినవి మళ్ళీ లేస్తాయి. లాక్టోబాసిల్లస్ తిరిగి రావడానికి సమయం దొరకదు. ఏడాదిలో సగానికి పైగా ఆడవాళ్ళకి తిరిగి రావడం అందుకే, వాళ్ళ శుభ్రతలో లోపం వల్ల కాదు.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
నేను ఇక్కడ కొంచెం ఆగుతాను. అది ఒకే దేశంలో, ఒకరితో ఒకరే ఉండే జంటల మీద చేసిన ట్రయల్. ఇద్దరికీ ఇచ్చినా మూడో వంతు మందికి తిరిగొచ్చింది. మా ఓపీలో భర్తకి క్రీమ్ రాసుకోమని చెబితే, ఇంటికి వెళ్ళాక ‘నాకేం రోగం ఉంది, నీకెక్కణ్ణుంచి వచ్చింది’ అని గొడవ పెట్టుకున్నవాళ్ళున్నారు. అందుకే అందరికీ రాయను. మొదటిసారికి అసలు రాయను. పదే పదే వస్తూ, భర్త కూడా గదిలోకి వచ్చి విన్నప్పుడే రాస్తాను. మిగతావాళ్ళకి కోర్సు అయ్యాక జెల్ వారానికి రెండుసార్లు, నాలుగు నుంచి ఆరు నెలలు. అదీ ఆపాక కొందరికి తిరిగొస్తుంది, ఆ వాడే నెలల్లో కొందరికి ఫంగస్ వస్తుంది. ఏదీ సుఖమైన దారి కాదు.

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
గొడవ భయంతో భర్తకి చెప్పకపోతే, భార్య ఒక్కతే ఆరు నెలలు జెల్ పెట్టుకుంటూ కూర్చోవాలి. నాకది న్యాయంగా అనిపించదు డాక్టర్ గారూ. ఇది మామూలు సుఖవ్యాధుల లాంటిది కాదు, ఎవరూ బయటికి వెళ్ళకపోయినా వస్తుంది అని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే బాధ్యత మనదే.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
న్యాయం సంగతి ఒప్పుకుంటాను. ఓపీలో నూట యాభై మంది బయట నిలబడి ఉన్నప్పుడు ఎలా చెప్పాలన్నదే నా సమస్య.

అనామకుడు_గుంటూరు
భర్త తరఫు నుంచి ఒక ప్రశ్న. మా ఆవిడకి వస్తున్నది దురద, పెరుగులాంటిది. ఫంగస్ అన్నారు. నేనూ క్రీమ్ రాసుకోవాలా?

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
కాండిడాకి మామూలుగా అక్కర్లేదు. మీకు అంగం కొన మీద ఎరుపు, దురద ఉంటే అప్పుడు చూపించుకోండి. ఆమెకి ఏడాదిలో మూడు సార్లు, అంతకు మించి వస్తుంటే అది వేరే లెక్క. కల్చర్ చేసి ఏ జాతో చూడాలి. ఎక్కువగా ఆల్బికాన్స్ ఉంటుంది, దానికి ఫ్లూకోనజోల్ మొదటి, నాలుగో, ఏడో రోజుల్లో ఇచ్చి, తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు ఇస్తారు. గ్లాబ్రాటా అయితే ఫ్లూకోనజోల్‌కి సరిగ్గా లొంగదు, ఎన్ని మాత్రలు మింగినా అంతే. అసలు ఫంగస్ కాకుండా చర్మం జబ్బు అయ్యే అవకాశం కూడా ఉంది.

మెల్‌బోర్న్_మాధురి
ఇక్కడ కొందరు బోరిక్ యాసిడ్ క్యాప్సూల్స్ లోపల పెట్టుకుంటారు. అది ఎలా ఉంటుంది?

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
మొండి కేసుల్లో 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రాత్రిపూట యోనిలో పెట్టుకోమంటారు. కానీ నోట్లో వేసుకుంటే విషం. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త. గర్భంలో వాడకూడదు, కాబట్టి సాహితికి ఇది వద్దు.

లక్ష్మీకాంతం (రాజమండ్రి)
నా సంగతి ఎవరూ చెప్పలేదు.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
క్షమించాలి అమ్మా. షుగర్‌కి ఏ మాత్రలు వాడుతున్నారు? ఈ మధ్య ఏదైనా కొత్తది కలిపారా? ఆ ట్యూబు మీద ఏం రాసి ఉంది?

లక్ష్మీకాంతం (రాజమండ్రి)
మెట్‌ఫార్మిన్ ఎప్పటి నుంచో. చలికాలంలో డాపాగ్లిఫ్లోజిన్ 10 కలిపారు. ట్యూబు మీద క్లోబెటాసోల్, ఇంకా మూడు పేర్లున్నాయి.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
నేననుకున్నదే. డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని చక్కెరను మూత్రంలోకి వదిలేస్తుంది. ఆ చక్కెర తడి చుట్టూ చర్మానికి తగులుతూ ఉంటుంది, కాండిడాకి అది విందు. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది కాబట్టి ఈ వయసులో ఫంగస్ మామూలుగా తక్కువ. మీకు వచ్చిందంటే షుగరో, ఈ మాత్రో కారణమై ఉండాలి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మందది. రాసిన డాక్టర్‌కి దురద సంగతి చెప్పి, మార్చాలో వద్దో అడగండి.

ట్యూబులో ఉన్న క్లోబెటాసోల్ బాగా గట్టి స్టెరాయిడ్. రెండు రోజులు ఎరుపు తగ్గిస్తుంది, కింద ఫంగస్‌ని పెంచుతుంది. ప్రస్తుతానికి అది మానేయండి. చర్మం తెల్లబడి, పల్చబడినట్టు ఉంటే మాత్రం లైకెన్ స్క్లెరోసస్ అనే ఇంకో జబ్బు అయి ఉండొచ్చు. దానికి మళ్ళీ ఆ క్లోబెటాసోలే మందు! కాబట్టి చూపించుకోకుండా తేలదు. సాహితికి మీకున్నది లేదు, మీకు సాహితిది లేదు.

సాహితి_హనుమకొండ
పిల్లల గురించి అడిగింది మిగిలిపోయింది మేడమ్. ఇది ఉంటే గర్భసంచి పక్కనుండే ట్యూబులు మూసుకుపోతాయని ఒక వీడియోలో చూశాను, అప్పటి నుంచి నిద్ర లేదు.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
రెంటినీ విడదీసి చెబుతాను. కాండిడా ట్యూబుల దాకా వెళ్ళి మూసేయదు, దానివల్ల సంతానలేమి రాదు. మహా అయితే మంట వల్ల ఆ రోజుల్లో దంపతులు కలవలేరు.

బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంత అమాయకం కాదు. సంతానలేమి ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా ట్యూబు సమస్య ఉన్నవాళ్ళలో, ఇది ఎక్కువగా కనిపిస్తోంది. ఇది ఉన్నప్పుడు క్లమీడియా, గనేరియా, హెచ్ఐవీ అంటుకునే అవకాశం పెరుగుతుంది, క్లమీడియా నిజంగానే ట్యూబుల్ని పాడు చేస్తుంది. కానీ ఇది ఒక్కటే ట్యూబుల్ని మూసేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. ఇది ఉండగానే గర్భం దాల్చి, మామూలుగా కన్నవాళ్ళు మా దగ్గర ఎంతమందో.

గర్భం వచ్చాక బ్యాక్టీరియల్ వెజైనోసిస్ ఉంటే నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు ఎక్కువ. అయితే లక్షణాలు లేని గర్భిణులందరినీ వెతికి మందిస్తే ఆ ముప్పు తగ్గుతుందా అంటే, తగ్గలేదు. ఫ్రాన్స్‌లో తక్కువ ముప్పు ఉన్న దాదాపు 3,000 మంది గర్భిణుల మీద క్లిండమైసిన్‌తో చేసిన పెద్ద ట్రయల్, 2018లో వెలువడింది, తేడా చూపలేదు. అందుకే లక్షణాలున్నవాళ్ళకి మందిస్తాం, లేనివాళ్ళని తవ్వి తీయం.

నీకు ఏడాదిన్నర దాటింది కాబట్టి సంతానం కోసం చేసే పరీక్షలు విడిగా మొదలుపెట్టాలి. ట్యూబులకి హెచ్ఎస్‌జీ ఎక్స్‌రే తీసేముందు ఈ ఇన్ఫెక్షన్ తగ్గించుకో. లోపలికి మందు ఎక్కించేటప్పుడు కిందివి పైకి వెళ్ళే వీలుంది. ఇంతకీ మీవారి వీర్య పరీక్ష అయిందా?

సాహితి_హనుమకొండ
లేదు మేడమ్. సమస్య నాదేనని అందరం అనుకున్నాం.

డా.వసుధ (గైనిక్, కర్నూలు)
నీ ట్యూబులకంటే ముందు చేయాల్సింది అదే. చవక, నొప్పి లేదు, రిపోర్టు త్వరగా వస్తుంది.

మందులకొట్టు_శ్రీను (తెనాలి)
మరి ప్రోబయాటిక్ క్యాప్సూల్స్? లాక్టోబాసిల్లస్ తగ్గిందన్నారు కదా, అది పోస్తే సరిపోతుంది కదా?

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
ఏ లాక్టోబాసిల్లస్ అన్నది ముఖ్యం. యోనిని గట్టిగా కాపాడేది క్రిస్పాటస్ అనే జాతి. కొట్లలో దొరికే క్యాప్సూల్స్‌లో ఎక్కువగా ఉండేవి పేగుకి, పెరుగుకి సంబంధించిన వేరే జాతులు. అమెరికాలో క్రిస్పాటస్‌నే పొడిగా చేసి, మెట్రోనిడజోల్ అయ్యాక లోపల పెట్టి చూశారు. 2020లో వెలువడిన ఫలితాల్లో 12 వారాలకు తిరగబెట్టింది 30 శాతం మందికి, ఉత్త పొడి పెట్టినవాళ్ళలో 45 శాతం. పనికొచ్చేలానే ఉంది, కానీ మీ షెల్ఫ్ మీద ఉన్నది అది కాదు. పెరుగు తినండి, లోపల మాత్రం పెట్టుకోకండి.

సాహితి_హనుమకొండ
అప్‌డేట్ ఇస్తున్నాను. వేరే హాస్పిటల్‌కి వెళ్ళి ఇక్కడ రాసినవన్నీ కాగితం మీద రాసుకుని అడిగాను. ‘నెట్‌లో చదివొచ్చారా’ అన్నారు కానీ చేశారు. పీహెచ్ 5.5. క్లూ కణాలు ఉన్నాయి. న్యూజెంట్ 8. ఈస్ట్ దారాలు లేవు, ట్రైకోమోనాస్ లేదు. మెట్రోనిడజోల్ 400 ఏడు రోజులు వాడాను. నోరంతా ఇనుప రుచి, అన్నం సహించలేదు, కానీ పూర్తి చేశాను. వాసన పోయింది.

మావారు మాత్రలు వేసుకున్నారు. క్రీమ్ మాత్రం రెండు మెడికల్ షాపుల్లో లేదన్నారు, ఒకచోట శ్రీను గారి కొట్టులోలాగే మొటిమల జెల్ ఇవ్వబోయారు. మూడోచోట ఆర్డర్ పెట్టి తెప్పించారు. అప్పటికి నా కోర్సు సగమైంది, ఆయనది ఆలస్యంగా మొదలైంది. దీనివల్ల ఇబ్బందా?

సూక్ష్మదర్శిని (విశాఖ, మైక్రోబయాలజీ)
ఆయన ఏడు రోజులు పూర్తయ్యేదాకా కలవకండి. ఒక సంగతి, ఆ క్రీమ్‌లోని నూనె పదార్థం రబ్బరును బలహీనం చేస్తుంది, కాబట్టి క్రీమ్ వాడుతున్న రోజుల్లో, తర్వాత కూడా కొన్ని రోజులు కండోమ్‌ని నమ్ముకోవడం కంటే కలవకపోవడమే మేలు. వాసన పోయిందని మళ్ళీ పరీక్ష అక్కర్లేదు, తిరిగొస్తేనే. ఈసారి దురద వస్తే మాత్రం ఇది తిరగబెట్టిందనుకోకండి, మెట్రోనిడజోల్ తర్వాత కాండిడా రావడం మామూలే. పీహెచ్ చూస్తే తేలిపోతుంది.

మందులకొట్టు_శ్రీను (తెనాలి)
నా కొట్టులో మొటిమల జెల్ ఇస్తామని ఎవరన్నారమ్మా! 2 శాతం క్రీమ్ రేపే తెప్పిస్తున్నాను. అయినా వచ్చినవాళ్ళు డాక్టర్ చీటీ తేరు, పక్కకి తిరిగి చెవిలో చెబుతారు. పీహెచ్ పేపర్ అంటే ఏం చెప్పను వాళ్ళకి?

స్రవంతి_ఏఎన్ఎం (ఆదిలాబాద్)
అన్నా, ఒకే మనిషి రెండోసారి అదే మాటతో వస్తే కిట్ ఇవ్వకుండా పరీక్షకి పంపు. అంత చేస్తే చాలు.

లక్ష్మీకాంతం (రాజమండ్రి)
మా డాక్టర్ ఆ డాపా మాత్ర మార్చారు, క్లోట్రిమజోల్ ఇచ్చారు. దురద చాలావరకు పోయింది. కానీ పరగడుపున షుగర్ 190 చూపిస్తోంది. ఇప్పుడు దీనికేం చేయాలో కొత్త పోస్టు పెట్టనా, ఇక్కడే అడగనా?